కోరస్ పేలాలంటే దాని ముందు ఎనిమిది బార్లలో ఏం దాచాలి?

వర్స్ బాగుంది, కోరస్ ట్యూన్ కూడా బాగుంది, విడివిడిగా వింటే రెండింటికీ వంక పెట్టలేం, కానీ కలిపి వాయిస్తే మాత్రం కోరస్ ఎప్పుడొచ్చిందో తెలియకుండానే వచ్చి వెళ్లిపోతుంది. ఇలా అయినప్పుడు చాలామంది చేసే మొదటి పని కోరస్‌ని ఇంకా బరువెక్కించడం. ఇంకో గిటార్, ఇంకో సింథ్, ఇంకో నాలుగు గొంతులు. నేనూ చాలాకాలం అదే చేశాను, ట్రాకుల లెక్క అరవై దాటేది, కోరస్ మాత్రం అక్కడే ఉండేది. గొడవంతా దాని ముందున్న ఇరవై సెకన్లలో ఉందని అర్థమయ్యేసరికి చాలా పాటలు పాడైపోయాయి.

ఆ ఇరవై సెకన్లే ప్రీ-కోరస్. కొందరు లిఫ్ట్ అంటారు, కొందరు బిల్డ్ అంటారు, పేరు ఏదైనా పని ఒకటే. ఇక్కడ కోరస్ అంటే వెనక నుంచి గుంపుగా పాడే గొంతులు కాదండోయ్, పాటలో మళ్ళీ మళ్ళీ వచ్చే అసలు ముక్క, జనం గుర్తుపెట్టుకుని పాడుకునేది. మన పాటల్లో చరణం చివరి లైను పైకి లేచి పల్లవిని అందుకుంటుంది చూడండి, అక్కడ జరిగే పనినే ఇక్కడ ఒక ప్రత్యేకమైన భాగంగా విడదీసి చేస్తాం.

ప్రీ-కోరస్ గురించి చదివితే ఎక్కడైనా "టెన్షన్ పెంచండి" అనే ఉంటుంది. అది విని మనం డ్రమ్స్ పెంచుతాం, వాల్యూమ్ పెంచుతాం, గొంతు పెంచుతాం. దాంతో ప్రీ-కోరసే కోరస్ అయి కూర్చుంటుంది. నాకు పనికొచ్చిన పద్ధతి దీనికి తిరగేసి ఉంటుంది: కోరస్ ఏమేం ఇవ్వబోతోందో ముందు రాసుకోవాలి, ప్రీ-కోరస్‌లో సరిగ్గా వాటినే దాచాలి. వినేవాళ్లకి ఒకటి దొరకాలనిపించాలి, దొరక్కూడదు. ఒక పాట తీసుకుని మొదటి నుంచి చేసుకుంటూ వెళదాం.

మొదట కోరస్ జాబితా

మన ఉదాహరణ పాట C మేజర్‌లో, 96 బీపీఎమ్, బార్‌కి నాలుగు బీట్లు. అంటే ఒక బార్ రెండున్నర సెకన్లు, ఎనిమిది బార్లు ఇరవై సెకన్లు. లెక్క తేలికని కావాలనే 96 పెట్టాను. విషయం మామూలుదే, ఇద్దరి మధ్య గొడవైంది, ఒకరు ఫోన్ చెయ్యాలా వద్దా అని అర్ధరాత్రి కొట్టుకుంటున్నారు. కోరస్ మొదటి లైను ఇది:

మాటాడు… తిడుతూ అయినా మాటాడు…

"మా" అనే అక్షరం మీద ట్యూన్ పై స పట్టుకుంటుంది. C ని స అనుకుంటే D రి, E గ, F మ, G ప, A ద, B ని, మళ్ళీ C పై స. కింద C కార్డ్. కిక్ డ్రమ్, బేస్ గిటార్ నిండుగా. అక్షరాలు దీర్ఘాలు, సాగదీసి పాడొచ్చు.

ఇప్పుడు ఒక కాగితం మీద ఈ కోరస్ ఇచ్చేవి రాయండి. పై స. C కార్డ్. కింది మోత, అంటే కిక్, బేస్. సాగే దీర్ఘం. చివరిగా, చెప్పాల్సిన ఆ ఒక్క మాట. మొత్తం ఐదు. ప్రీ-కోరస్‌లో మన పనంతా ఈ ఐదింటినీ బయటపడకుండా చూసుకోవడమే. కోరస్ ఇంకా రాయకుండా ప్రీ-కోరస్ మొదలుపెడితే ఈ జాబితా ఉండదు, ఏం దాచాలో తెలియదు, అందుకే కోరస్ ముందు రాసేసుకోండి, పాటలో తర్వాత వచ్చేదైనా సరే.

కార్డ్స్: ఇంటికి వెళ్ళకుండా ఇంటి చుట్టూ తిరగడం

మొత్తం మ్యాప్ ఇది. ఒక్కో గడి ఒక్కో బార్.

```
Verse      | C  | C  | Am | Am | F  | F  | C  | C  |
Pre-chorus | Dm | F  | Dm | F  | Em | F  | G  | G  |
Chorus     | C  | G  | Am | F  | C  | G  | F  | C  |
```

వర్స్ C తో మొదలై C మీదే కూర్చుంది. అది కథ చెప్పే చోటు, అక్కడ తొందర అక్కర్లేదు, కార్డ్ రెండేసి బార్లు నిలబడుతుంది. ప్రీ-కోరస్‌లో రెండు మార్పులు. ఒకటి, పాటకి ఇల్లు లాంటి C కార్డ్ ఎక్కడా లేదు. రెండోది, మొదటి ఆరు బార్లలో బార్‌కొక కార్డ్ మారుతోంది, అంటే వర్స్ కంటే రెండింతల వేగం. టెంపో 96 లోనే ఉంది, ఒక్క బీపీఎమ్ కూడా పెంచలేదు, అయినా ఎవరో తరుముతున్నట్టు ఉంటుంది.

ఐదో బార్ నుంచి బేస్ చూడండి: గ, మ, ప, ప. మెట్లు ఎక్కుతోంది. చివరి రెండు బార్లు G మీద ఆగిపోయాం. అంత పరుగెత్తించి ఇక్కడ ఆపడం కావాలనే. G కార్డ్‌లో ని ఉంటుంది, ని కి పై స అరమెట్టు దూరం, చెవి ఆ అరమెట్టు ఎక్కెయ్యమని అడుగుతూనే ఉంటుంది. ఐదు సెకన్లు అడగనివ్వండి.

ఇక్కడ G బదులు Gsus4 పెడితే ఇంకా టెన్షన్ వస్తుందని చాలామంది పెడతారు. మామూలుగా అది మంచి ఉపాయమే, కానీ Gsus4 లో C స్వరం ఉంటుంది. మనం దాచాలనుకున్నదే అది! పైగా ట్యూన్ ని మీద ఉంటే ఆ C తో ఒరుసుకుంటుంది కూడా. ఈ పాటకి మామూలు G చాలు. కొంచెం పదును కావాలంటే G7 వెయ్యండి, అందులోని మ కిందికి గ వైపు దిగాలని చూస్తుంది, ని పైకి స వైపు ఎక్కాలని చూస్తుంది, రెండువైపులా లాగుడు. C కార్డ్ రాగానే ఆ రెండూ ఒకేసారి తీరిపోతాయి.

మీ కోరస్ Am తో మొదలైతే చివరి రెండు బార్లలో G బదులు E మేజర్ పెట్టి చూడండి, అందులోని G# స్వరం A వైపు అలాగే లాగుతుంది. పాటంతా ఒకే నాలుగు కార్డ్స్ తిరుగుతూ ఉంటే మాత్రం కార్డ్స్‌తో మీరు చెయ్యగలిగేది తక్కువ, భారమంతా ట్యూన్ మీద, డ్రమ్స్ మీద వేసెయ్యాలి. లేదా ప్రీ-కోరస్ వరకు ఆ లూప్‌లో హోమ్ కార్డ్ ఉన్న చోట బేస్ తీసేసి చూడండి, కొంత పని అవుతుంది.

ట్యూన్: పై స కి ఒక మెట్టు కింద

వర్స్ ట్యూన్ స నుంచి ప లోపే తిరగనివ్వండి, లైన్లు గ మీదో స మీదో ఆగుతాయి. ప్రీ-కోరస్ మ తో మొదలవుతుంది. మొదటి నాలుగు బార్లలో ఒక్కో ముక్క మ మీద ఒకసారి, ద మీద ఒకసారి ఆగుతుంది. Dm లోనూ F లోనూ మ, ద రెండూ ఉన్నాయి కాబట్టి ఎక్కడా గీసుకోదు. ఐదో బార్లో ప, ఆరులో ద, ఏడులో ని, ఎనిమిదిలో మళ్ళీ ని. కింద బేస్ గ, మ, ప ఎక్కుతుంటే పైన ట్యూన్ ప, ద, ని ఎక్కుతోంది, రెండూ చెయ్యి పట్టుకుని మెట్లెక్కినట్టు.

ఇందులో చేజారే చోటు ఒకటుంది, F కార్డ్ బార్లు. F కార్డ్‌లో C స్వరం ఉంది కాబట్టి ఆ బార్లలో పాడేవాళ్ల గొంతు తెలియకుండానే పై స కి వెళ్ళిపోతుంది, వినడానికి బాగుంటుంది కూడా. ఒక పాటలో నాకు ఇదే జరిగింది. ప్రీ-కోరస్ ఆరో బార్లో పాడినావిడ సరదాగా పై స ముట్టుకుని వచ్చింది, టేక్ అద్భుతంగా ఉందని ఉంచేశాను, మిక్స్ అయ్యాక కోరస్ ఎందుకో చప్పగా ఉందని వారం రోజులు కంప్రెసర్లు మార్చుకుంటూ కూర్చున్నాను. చివరికి ఆ ఒక్క స్వరాన్ని ద కి దించితే కోరస్ లేచింది. అప్పటి నుంచి ప్రీ-కోరస్ రికార్డ్ చేసేటప్పుడు పాడేవాళ్లకి ముందే చెప్పేస్తాను, ఎంత ఊపు వచ్చినా ఆ పై స జోలికి వెళ్ళొద్దని.

మీ పాటలో దీన్ని చూసుకోవడం సులువు. కోరస్‌లో అన్నిటికంటే పై స్వరం ఏదో రాసుకోండి. అంతకుముందు పాటలో ఎక్కడైనా ఆ స్వరం వినిపించిందా వెతకండి, హమ్మింగుల్లో, వెనక గొంతుల్లో, గిటార్ లైన్లో కూడా. గిటార్‌లో ఉంటే పెద్ద ప్రమాదం లేదు, గొంతులో ఉంటే తీసెయ్యండి.

మాటలు: వాక్యం పూర్తి చెయ్యకండి

వర్స్ లైన్లు రెండేసి బార్లవి:

గదిలో దీపం ఆర్పలేదు ఇంకా
గోడ గడియారం నడుస్తూనే ఉంది
ఫోను బల్ల మీద బోర్లా పడుకుంది
నీ పేరు మీదే మనసు ఆగింది

ప్రీ-కోరస్ ఒక్కో బార్‌కి ఒక్కో ముక్క:

నొక్కనా వద్దా
అడగనా వద్దా
తప్పు నాదైతే
తప్పు నీదైతే
ఏదైతే ఏంటి
ఎవరిదైతే ఏంటి
ఒక్కసారి ఒక్కసారి
ఒక్క…

లైన్ల పొడవు చూడండి. వర్స్‌లో రెండు బార్లు, ఇక్కడ ఒక బార్, ఏడో బార్లో అర బార్ చొప్పున రెండుసార్లు. ముక్కలు చిన్నవవుతున్నకొద్దీ ఊపిరి అందనట్టు ఉంటుంది. మొదటి డ్రాఫ్టులో నేను ప్రీ-కోరస్‌లో కూడా "నొక్కాలా వద్దా అని ఆలోచిస్తూ కూర్చున్నా" అని పొడుగు లైను రాశాను, అర్థం అదే, కానీ అది ఆలోచిస్తూ కూర్చున్నట్టే వినిపించింది, టెన్షన్ లేదు.

చివరి "ఒక్క…" నాకు బాగా నచ్చిన చోటు. ఒక్క అనగానే తెలుగు చెవి ఆ తర్వాత ఒక నామవాచకం కోసం చూస్తుంది. ఒక్క ఏంటి? ఒక్క నిమిషమా, ఒక్క మెసేజా? వాక్యం అక్కడ తెగింది, రెండు బీట్లు నిశ్శబ్దం, తర్వాత కోరస్ "మాటాడు" అని మొదలవుతుంది. "ఒక్క" కీ "మాట" కీ చెవి తనే ముడి వేసుకుంటుంది. కోరస్ తన వాక్యం తను చెప్పుకుంటూనే వెనక వాక్యాన్ని కూడా పూర్తి చేసింది. ఇలాంటిది ప్రతి పాటలో కుదరదు, కానీ ప్రీ-కోరస్‌ని ప్రశ్నలోనో, "అయితే" లోనో, "కానీ" లోనో వదిలెయ్యడం దాదాపు ప్రతి పాటలోనూ కుదురుతుంది. తెలుగులో క్రియ చివర్లో వస్తుంది కాబట్టి మనకి ఇది ఇంకా తేలిక. క్రియని తీసుకెళ్ళి కోరస్‌లో పెట్టండి, అంతే.

హ్రస్వ దీర్ఘాల సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. ప్రీ-కోరస్ చివరికొచ్చేసరికి ఒత్తులు, హ్రస్వాలు ఎక్కువుండాలి, "ఒక్క" లాంటివి, గొంతు వాటి మీద ఎక్కువసేపు నిలబడలేదు. కోరస్ పై స్వరం కింద ఆ, ఓ లాంటి దీర్ఘం ఉండాలి. అక్కడ "ఇ" తోనో "ఉ" తోనో మొదలయ్యే మాట పెడితే చాలామంది గొంతులు బిగుసుకుంటాయి, విడుదల కావాల్సిన చోట పాడేవాళ్లు నొక్కుకుంటూ పాడాల్సి వస్తుంది. "మాటాడు" ని ఎంచుకోవడానికి అర్థం ఒక కారణమైతే ఆ "మా" ఇంకో కారణం.

డ్రమ్స్, బేస్: తీసెయ్యడం ఎక్కువ, కలపడం తక్కువ

వర్స్‌లో మామూలు బీట్, ఒకటి మూడుల మీద కిక్, రెండు నాలుగుల మీద స్నేర్. ప్రీ-కోరస్ మొదటి బార్లోనే కిక్ ఆపేయండి. వినేవాళ్ల కాళ్ళ కింద నేల తీసేసినట్టు ఉంటుంది, అదే కావాలి. హై-హ్యాట్ బీట్‌కి రెండు చొప్పున నడవనివ్వండి. ఏడో బార్లో స్నేర్ బీట్‌కి రెండు దెబ్బలతో మొదలై రెండో సగానికి నాలుగు దెబ్బలకి చేరుతుంది. ఎనిమిదో బార్ మొదటి రెండు బీట్ల వరకు అది కొనసాగి, మూడో బీట్ మీద అన్నీ ఆగిపోవాలి. అన్నీ అంటే అన్నీ, రివెర్బ్ తోకలు కూడా. రెండు బీట్లంటే 1.25 సెకన్లు. తక్కువలా అనిపిస్తుంది గానీ హెడ్‌ఫోన్స్‌లో వింటే చాలా పెద్ద గుంట. పాట వేగం బాగా తక్కువైతే ఒక్క బీట్ చాలు, లేకపోతే పాట ఆగిపోయిందేమో అనుకుంటారు.

బేస్ చివరి నిశ్శబ్దం దాకా వాయించాలి, ఆ మెట్లు వినపడాలి కదా. కానీ ఐదో బార్ నుంచి మొత్తం మ్యూజిక్ మీద హై-పాస్ ఫిల్టర్ పెట్టి 40 హెర్ట్జ్ నుంచి మెల్లగా 250 హెర్ట్జ్ దాకా ఎక్కించండి. బేస్ గిటార్ స్వరాల పైపొరలు 250 కి పైన కూడా ఉంటాయి కాబట్టి మెట్లు చెవికి అందుతూనే ఉంటాయి, కింది బరువు మాత్రం కరిగిపోతుంది. కోరస్ మొదటి బీట్‌కి ఫిల్టర్ ఒక్కసారిగా వెనక్కి రావాలి. ఆటోమేషన్ గీత ఇక్కడ జూమ్ చేసి చూసుకోండి. చిన్న వాలు మిగిలిపోతే కోరస్ మొదటి కిక్‌కే బలం పోతుంది, మీరు ఇరవై సెకన్లు కష్టపడి కట్టింది ఆ ఒక్క దెబ్బ కోసమే. గీతని మొదటి బీట్‌కి వెంట్రుకవాసి ముందే నిట్టనిలువుగా దించేయడం మంచిది, అక్కడ ఎలాగూ నిశ్శబ్దమే కాబట్టి ఎవరికీ తెలియదు.

వాల్యూమ్ విషయంలో నా అలవాటు, ప్రీ-కోరస్ చివరికొచ్చేసరికి మ్యూజిక్‌ని ఒకటిన్నర డెసిబెల్ దాకా తగ్గిస్తాను. స్నేర్ దెబ్బలు పెరుగుతున్నాయి కాబట్టి తగ్గినట్టు ఎవరికీ తెలియదు. వర్స్, ప్రీ-కోరస్‌లలో గొంతు ఒక్కటే మధ్యలో, కోరస్‌లో అదే ట్యూన్ ఇంకో రెండుసార్లు పాడించి ఎడమకొకటి కుడికొకటి. గిటార్లు కూడా అంతే, అప్పటిదాకా మధ్యలో ఇరుగ్గా ఉండి కోరస్‌లో పక్కలకి జరుగుతాయి.

పని చేసిందో లేదో ఎలా తెలుస్తుంది

మొదటి పరీక్ష: ప్రీ-కోరస్‌ని కత్తిరించి వర్స్‌ని నేరుగా కోరస్‌కి అతికించి వినండి. అలా కూడా కోరస్ అంతే బాగుంటే మీ ప్రీ-కోరస్ ఏమీ చెయ్యట్లేదు, ఊరికే ఇరవై సెకన్లు తింటోంది. అతికించిందే ఇంకా బాగుంటే మొహమాటపడకుండా తీసెయ్యండి, ప్రీ-కోరస్ లేని మంచి పాటలు బోలెడు.

రెండోది: పాట తెలియని ఒకరికి ఎనిమిదో బార్ రెండో బీట్ దాకా వినిపించి ఆపండి. "ఏయ్, ఏమైంది" అన్నట్టు మొహం పెడితే పనైంది. "బాగుంది" అన్నారంటే కాలేదు, వాళ్లకి అక్కడే పూర్తయినట్టు అనిపించింది. అలాంటప్పుడు ముందు చివరి కార్డ్ చూడండి, తర్వాత ట్యూన్ చివరి స్వరం చూడండి. ఎక్కువసార్లు ఏదో ఒకటి స మీదో గ మీదో వాలిపోయి ఉంటుంది.

మూడోది కొంచెం చేదు పరీక్ష. విన్నవాళ్లని పాట గుర్తు చేసుకుని హమ్ చెయ్యమనండి. ప్రీ-కోరస్ ట్యూన్ పాడారనుకోండి, మీ అసలు కోరస్ అదే. ఒకసారి ఓ స్నేహితుడు తన పాట వినిపించినప్పుడు నలుగురమూ ప్రీ-కోరసే పాడాం, వాడు రెండు రోజులు అలిగి తర్వాత దాన్నే కోరస్ చేసుకుని, పాత కోరస్‌ని తీసేసి, కొత్త ప్రీ-కోరస్ రాసుకున్నాడు.

పొడవు గురించి ఒక మాట. మన పాటలో నాలుగు బార్ల ఇంట్రో, ఎనిమిది బార్ల వర్స్, ఎనిమిది బార్ల ప్రీ-కోరస్ కలిపితే కోరస్ యాభయ్యో సెకనుకి వస్తుంది. వర్స్ పదహారు బార్లైతే అది డెబ్భయ్యో సెకనుకి పోతుంది, అంతసేపు దాచిపెడితే వినేవాళ్లకి ఆసక్తి పోయి విసుగొస్తుంది. అప్పుడు ప్రీ-కోరస్‌ని నాలుగు బార్లకి కుదించండి, మన పాటలో అయితే ఐదు నుంచి ఎనిమిది వరకు ఉన్న బార్లే ఉంచితే సరిపోతుంది, మెట్లు అక్కడే ఉన్నాయి కదా.

రెండోసారి ప్రీ-కోరస్ వచ్చేసరికి తర్వాత ఏమొస్తుందో అందరికీ తెలిసిపోయి ఉంటుంది, పై స రహస్యం కూడా బయటపడింది. కాబట్టి ఈసారి ఎప్పుడొస్తుందన్నదే దాచాలి. నేను రెండోసారి ఎనిమిదో బార్ తర్వాత ఇంకో బార్ కలుపుతాను, "ఒక్క…" అన్నాక రెండు బీట్లకి బదులు ఆరు బీట్లు నిశ్శబ్దం. వినేవాళ్లు అలవాటుగా మూడో బీట్‌కి ఊపిరి తీసుకుని కోరస్ పాడబోతారు, అది రాదు. ఆ తర్వాత బార్ మొదటి బీట్ మీద వస్తుంది.